ఒక అంకె తారుమారైతే

మేనల్లుడి ఫీజు కోసం నలభై వేలు నెఫ్ట్‌లో పంపారనుకోండి. ఖాతా నంబరు చివర 68 బదులు 86 కొట్టారు. పేరు సరిగ్గానే రాశారు. అయినా డబ్బు ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాలో పడింది. ఎందుకంటే జమ అయ్యేది నంబరును బట్టే. పంపేముందు అసలు ఖాతాదారు పేరు చూసుకునే వీలు 2025లోగానీ రాలేదు.

వెంటనే మీ బ్యాంకుకు యూటీఆర్ నంబరుతో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. వాళ్లు అవతలి బ్యాంకుకు రాస్తారు. అవతలి బ్యాంకు తన ఖాతాదారును అడుగుతుంది. అతను ఒప్పుకుంటే డబ్బు తిరిగొస్తుంది. ఒప్పుకోకపోతే బ్యాంకు తనంతట తాను తీసి ఇవ్వదు. చిక్కంతా ఇక్కడే.

"నేనేమైనా అడిగానా? మీరే పంపారు" అంటాడతను. నిజమే, మీ ఇద్దరి మధ్య ఒప్పందమేదీ లేదు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్‌కు ఒప్పందంతో పనిలేదు: పొరపాటున వచ్చిన సొమ్ము తిరిగి ఇచ్చి తీరాలి. హక్కు లేకుండా ఒకరి నష్టంతో మరొకరు లాభపడటాన్నే న్యాయశాస్త్రం అన్యాయ లబ్ధి అంటుంది. అతని తప్పు ఉందా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మీ అజాగ్రత్త కూడా అతనికి హక్కు తెచ్చిపెట్టదు.

అదే, పాత బాకీ తీర్చడానికి పంపి తర్వాత మనసు మార్చుకుంటే ఈ సెక్షన్ అక్కరకు రాదు.

నోటీసుకూ లొంగకపోతే సివిల్ దావాయే. గడువు మామూలుగా మూడేళ్లు, పొరపాటు తెలిసిన రోజు నుంచి.