తడిసిన పోర్టు, బాత్‌రూమ్‌లో ప్లగ్గు

వానలో తడిసిన ఫోన్‌కు వెంటనే చార్జర్ పెడితే పోర్టులోని సన్నటి పిన్నుల మధ్య నీటి గుండా కరెంటు పారి, లోహాన్ని తినేస్తుంది. పిన్నులు నల్లగానో పచ్చగానో మారాయంటే అదే. కేబుల్ తీసి, పోర్టు కిందికి ఉండేలా అరచేతిపై మెల్లగా తట్టి, గాలి తగిలేచోట కనీసం అరగంట ఉంచండి. తేమ హెచ్చరిక ఇంకా వస్తుంటే ఒక రోజైనా ఆగాలి. బియ్యం డబ్బాలో పెట్టకండి, నూక లోపల ఇరుక్కుంటుంది. హెయిర్ డ్రయ్యర్, దూది పుల్ల కూడా వద్దు.

గోడకున్న చార్జరే తడిస్తే దాన్ని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. తడిసిన చార్జర్‌ను మళ్లీ వాడకపోవడమే మేలు.

ఫోన్‌కు వచ్చేది మామూలుగా 5 వోల్టులే కదా అని కొందరు బాత్‌రూమ్‌లోకి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగుతారు. ఆ బాక్సులో ఉన్నది 230 వోల్టులు. నాసిరకం చార్జర్ లోపల ఇన్సులేషన్ చెడితే అదే కేబుల్ దాకా రావచ్చు. తడి చర్మం కరెంటును అంతగా అడ్డుకోలేదు. కాళ్ల కింద తడి నేల. ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు, అంత తక్కువకు ఎంసీబీ పడిపోదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతుంది, చాలా పాత ఇళ్లలో అది ఉండదు.