‘వ్యక్తిగత కారణాలు’ అని రాసే ముందు

ఆఫీసులో వేధింపులు భరించలేక ఉద్యోగం వదిలేసేవాళ్లు తరచూ రాజీనామాలో ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసి ఊరుకుంటారు. గొడవ లేకుండా బయటపడితే చాలనుకుంటారు. ఇంకొందరు నెలల కోపమంతా నాలుగు పేజీల్లో కుమ్మరించి, ఆఫీసు మొత్తానికి మెయిల్ పెట్టి లేచి వచ్చేస్తారు. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదటి లేఖ ఎదురు తిరుగుతుంది: ‘అప్పుడు వ్యక్తిగతమన్నారు, ఇప్పుడు వేధింపులంటారేం?’ రెండోది పరువునష్టం కేసుకు దారి చూపుతుంది.

హైదరాబాద్‌లోని ఓ ప్రైవేటు సంస్థ ఉద్యోగినిని ఉదాహరణగా ఊహించుకుందాం. ఆమె మొదట ఇలా రాసుకుంది: ‘మా మేనేజర్ నీచుడు. నెలల తరబడి వేధించాడు. హెచ్‌ఆర్ వాళ్లు అతన్ని కాపాడారు.’ ఆమె బాధ నిజమే. కానీ చదివేవాళ్లకు ఇందులో తేదీ లేదు, జరిగిన పని లేదు, ఆమె నిర్ణయించిన తీర్పులు మాత్రమే ఉన్నాయి. మళ్లీ రాస్తే ఇలా వచ్చింది:

‘మార్చి 4 రాత్రి 11:20కి నా టీమ్ మేనేజర్ నుంచి “ఒక్కదానివే ఉన్నావా, రానా?” అని వాట్సాప్ మెసేజ్ వచ్చింది. మార్చి 11న మీటింగ్ రూమ్‌లో ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. వద్దని చెప్పాను. మార్చి 12న హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను. ఈ రోజు, మార్చి 28 వరకు జవాబు రాలేదు. ఈ పరిస్థితిలో ఇక్కడ పని చేయలేను కాబట్టి నేటి నుంచే రాజీనామా చేస్తున్నాను. నోటీసు వ్యవధి మినహాయించవలసిందిగా కోరుతున్నాను.’

‘కాపాడారు’ అన్నది ఆమె ఊహ. ‘జవాబు రాలేదు’ అన్నది మెయిల్ పెట్టె తెరిచి ఎవరైనా చూడగల విషయం. ‘నీచుడు’ అన్న మాట తీసేసినా, రాత్రి పదకొండు దాటాక వచ్చిన ఆ మెసేజ్ బలం తగ్గలేదు. పేరు కూడా ఇక్కడ రాయలేదు. రాజీనామా లేఖ చాలా చేతులు మారుతుంది. పేరుతో సహా పూర్తి వివరాలు సంస్థలోని అంతర్గత కమిటీకి ఇచ్చే ఫిర్యాదులో ఉండాలి. అధికారం ఉన్నవాళ్లకు సద్భావంతో చేసిన ఫిర్యాదుకు పరువునష్టం చట్టంలో మినహాయింపు ఉంది. ఆఫీసు అందరికీ పంపిన మెయిల్‌కు ఆ రక్షణ దొరకడం కష్టం.

ఇలా రాయాలంటే ముందునుంచే నోట్సు ఉండాలి. జరిగిన రోజే తేదీ, సమయం, చోటు, అన్న మాటలు అన్నట్టుగా, అక్కడున్నవాళ్లెవరో రాసి పెట్టుకోవాలి. స్క్రీన్‌షాట్ తీశాం కదా అని అసలు చాట్ చెరిపేయకూడదు. డిజిటల్ ఆధారాన్ని కోర్టు ముందు పెట్టాలంటే దానికి ధ్రువపత్రం కావాలి, ఫోన్లోని అసలు మెసేజ్ అవసరం పడుతుంది. సంస్థ ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపుకోవడం మాత్రం వద్దు. అది వేరే తగాదాకు కారణమవుతుంది.

‘తక్షణం’ అని రాసినంత మాత్రాన నోటీసు షరతు ఎగిరిపోదు. నియామక పత్రంలో ఉంటే సంస్థ నోటీసు కాలానికి జీతం కోత పెట్టొచ్చు. అందుకే లేఖలో మినహాయింపు అడగడం. లాప్‌టాప్, గుర్తింపు కార్డు అప్పగించి రసీదు తీసుకోవాలి.

ఉద్యోగం మానేసినా ఫిర్యాదు హక్కు పోదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు మహిళలు ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట పనిచేసినవాళ్లు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. లెక్క మొదలయ్యేది రాజీనామా రోజు నుంచి కాదు. కోల్‌కతాలోని న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఓ అధ్యాపకురాలి విషయంలో చివరి వేధింపు 2023 ఏప్రిల్‌లో జరిగిందని తేలింది, ఫిర్యాదు డిసెంబరు 26న అందింది. ఆ తర్వాత ఆమెపై తీసుకున్న పాలనాపరమైన చర్యలను లైంగిక వేధింపుకు కొనసాగింపుగా చూడలేమని, గడువు దాటిందని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది.

చివరి లెక్కలు తేల్చేటప్పుడు సంస్థ ఇచ్చే కాగితంలో ‘నాకు సంస్థపై ఎలాంటి ఫిర్యాదూ లేదు’ అన్న వాక్యం కొన్నిసార్లు ఉంటుంది. ఫిర్యాదు ఇంకా నడుస్తుంటే ఆ వాక్యం తీసేయమని మెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే సంతకం చేయాలి.