మూడు పండగలకూ వాళ్లకే నైట్ డ్యూటీ

విశాఖ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. బాయిలర్లు, చిల్లర్లు చూసుకునే ఆరుగురు ఆపరేటర్ల మీద ఇరవై ఏడేళ్ల కుర్రాడు కొత్తగా ఇన్‌ఛార్జి అయ్యాడు. ఇద్దరేసి చొప్పున మూడు జతలు. ఏ షిఫ్ట్ ఉదయం 6కి, బీ మధ్యాహ్నం 2కి, సీ రాత్రి 10కి మొదలవుతాయి. ఏ తర్వాత బీ, బీ తర్వాత సీ, ఇలా వారం వారం మారుతుంటాయి. 2024 చార్ట్ మొత్తం జనవరిలోనే గోడకి అంటించేశాడు. ఎవరైనా మార్పు అడిగితే, ‘‘అందరికీ ఒకటే రూల్’’ అనేవాడు.

వినాయక చవితి అయ్యాక ఒక సీనియర్ ఆపరేటర్ వచ్చాడు. ‘‘చార్ట్ తప్పని అనను సార్. కానీ సంక్రాంతికి మేమే, ఉగాదికి మేమే, చవితికీ మేమే. ఇంట్లో ఏం చెప్పమంటారు?’’

కుర్రాడు క్యాలెండర్ తీసి లెక్కేశాడు. సంక్రాంతి జనవరి 15, సోమవారం. ఆ వారం నుంచి ఉగాది వారానికి 12 వారాలు, చవితి వారానికి 33. రెండూ మూడుతో భాగహారం పోతాయి, కాబట్టి నైట్లు మళ్లీ అదే జతకి పడ్డాయి. 38, 41 వారాల దూరంలో ఉన్న దసరా, దీపావళి రెండో జతకి వస్తాయి. మూడో జతకి ఒక్క పండగ రాత్రీ లేదు. ఏడాది మొత్తంలో నైట్ల సంఖ్య మాత్రం దాదాపు సమానమే! మామూలు మంగళవారం రాత్రినీ ఉగాది రాత్రినీ ఒకే గాటన కట్టడంలోనే పొరపాటు జరిగింది.

సెలవు లెక్కా అలాంటిదే. సీ నుంచి ఏకి మారే జత ఆదివారం ఉదయం 6కి డ్యూటీ దిగి, సోమవారం ఉదయం 6కి మళ్లీ ఎక్కాలి. షిఫ్ట్ ముగిశాక వచ్చే 24 గంటలే సెలవు అని 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ చెప్పింది. అందులో సగం నిద్రకే పోతుంది.

ఆ రోజు నుంచి పండగ రాత్రులకి వేరే పుస్తకం పెట్టాడు. ఎవరికి తక్కువ పడ్డాయో వాళ్ల వంతే ముందు. దసరాకి మూడో జతని అడిగితే సరేనన్నారు. అయితే ఆ ఒక్క రాత్రి మార్చితే కుదరదు. ఆ శనివారం వాళ్లది ఏ షిఫ్ట్, మధ్యాహ్నం 2కి దిగినవాళ్లు రాత్రి 10కే మళ్లీ రావాలి. బదులుగా పొద్దున డ్యూటీ చేద్దామంటే, రెండో జత అప్పుడే నైట్ దిగి ఉంటుంది. అందుకే సెప్టెంబర్ 30 నుంచి రెండు వారాలూ ఆ రెండు జతల డ్యూటీలని తారుమారు చేశాడు. మొదటి వారం రెండో జత నైట్, మూడో జత బీ. దసరా వారం మూడో జత నైట్, రెండో జత ఏ. ఎవరికీ ఒకే రోజు రెండు డ్యూటీలు పడలేదు. దీపావళి రెండో జతకే ఉండిపోయింది.