ఉత్పత్తి పడిపోతే ఎన్ని ఉద్యోగాలు పోతాయి?

ఆర్థిక వ్యవస్థ పూర్తి సత్తాతో నడిస్తే వచ్చే ఉత్పత్తికీ, నిజంగా వచ్చిన దానికీ మధ్య తేడాను ఉత్పత్తి అంతరం అంటారు. అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ ఓకన్ 1962లో దీన్ని నిరుద్యోగంతో ముడిపెట్టారు. ఇప్పుడు వాడే మోటు లెక్క ఇది: అంతరం 2 శాతం పెరిగితే నిరుద్యోగ రేటు సుమారు 1 పాయింటు పెరుగుతుంది.

2009 అమెరికాపై దీన్ని పరీక్షిద్దాం. FRED డేటాబేస్‌లో GDPC1 అసలు ఉత్పత్తి, GDPPOT సామర్థ్యం, UNRATE నిరుద్యోగ రేటు. మొదటి రెండూ మూడు నెలలకోసారి వస్తాయి, మూడోది నెలనెలా. అందుకే ముందు అన్నిటికీ వార్షిక సగటు తీయాలి.

ఆ ఏడు ఉత్పత్తి దాదాపు 2.5 శాతం తగ్గింది. సామర్థ్యం మాత్రం 2 శాతం దాకా పెరిగిందనుకుందాం. అంటే అంతరం 4.5 శాతం పెరిగింది. అందులో సగం 2.25. 2008లో 5.8గా ఉన్న నిరుద్యోగం 8 దగ్గర ఆగాలి. నిజానికి 9.3కి చేరింది! కంపెనీలు ఉత్పత్తి తగ్గిన దానికి మించి మనుషుల్ని తీసేసి, మిగిలినవాళ్లతోనే పని లాగించాయి. ఒక్కో గంటకు ఉత్పాదకత పెరిగింది కానీ, ఆ భారం లక్షల కుటుంబాల మీద పడింది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఒక చోట: అంతరం స్థాయిని నిరుద్యోగంలో మార్పుతో జతచేస్తారు. మార్పును మార్పుతోనే పోల్చాలి. లేకుంటే మాంద్యం తర్వాత కోలుకునే ఏళ్లలో, అంతరం ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి, నిరుద్యోగం తగ్గుతున్నా లెక్క మాత్రం పెరుగుతోందని చూపిస్తుంది.