తొంభై ఐదు శాతం పాసైంది, రిలీజ్ చేద్దామా?

ఒక పాల డెయిరీ ఉందనుకుందాం. 18,000 మంది రైతులు పాలు పోస్తారు. పదిహేను రోజులకోసారి వెన్న శాతం, ఎస్ఎన్‌ఎఫ్ లెక్కగట్టి, దాణా బాకీ కోసుకుని, మిగతా డబ్బు వాళ్ల బ్యాంకు ఖాతాల్లో వేస్తారు. ఈ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ తయారైంది. ఒకటో తేదీ నుంచి దాన్ని వాడాలని అనుకుంటున్నారు. మూడు వారాల టెస్టింగ్ ముగిశాక టెస్టింగ్ లీడ్ రాసిన రిపోర్టు జనరల్ మేనేజర్ బల్ల మీదికి వచ్చింది. ఆయన పాల వ్యాపారంలో పండిపోయిన మనిషే కానీ ప్రోగ్రామింగ్ తెలియదు. ఆయన సంతకం పెడితే వెర్షన్ బయటికి వెళుతుంది.

రిపోర్టు మొదటి పేజీలో ఇలా ఉంది: మొత్తం టెస్టులు 400, పాసైనవి 380, ఫెయిలైనవి 8, నడపనివి 12. కింద బొద్దు అక్షరాల్లో 95 శాతం. పదో తరగతి ఫలితాలు చూసి పెరిగిన మనకు ఈ అంకె కనబడగానే ప్రాణం కుదుటపడుతుంది. నన్నడిగితే ఆ శాతాన్ని మొదటి పేజీలోంచి తీసేయాలి. లాగిన్ తెర మీద నడిపిన టెస్టూ ఒకటిగానే లెక్కకొచ్చింది, రైతు డబ్బు లెక్కగట్టే టెస్టూ ఒకటిగానే లెక్కకొచ్చింది. తేలిక టెస్టులు ఇంకో వంద కలిపితే సాఫ్ట్‌వేర్ ఏమాత్రం బాగుపడకుండానే శాతం పెరుగుతుంది.

ముందు ఆ ఎనిమిది ఫెయిల్ టెస్టుల సంగతి చూద్దాం. వాటి వెనక ఉన్న తప్పులు మూడే. ఐదు టెస్టులు ఒకే కారణంతో ఫెయిలయ్యాయి: చీటీ మీద అంకెలు గడి దాటి పక్కకు జరుగుతున్నాయి. ఇంకో రెండు, కొన్ని పేర్లలో ఒత్తులు విడిపోయి అచ్చవుతున్నందువల్ల. ఈ రెండు తప్పులూ చూడ్డానికి బాగుండవు గానీ ఎవరి డబ్బూ పోదు. ఎనిమిదో టెస్టు కథ వేరు. రిపోర్టులో దాని గురించి రాసిన వాక్యం ఇది: “డిడక్షన్ మాడ్యూల్‌లో మల్టీ సెంటర్ రికార్డులకు డూప్లికేట్ ఎంట్రీ, సివియారిటీ 2.” మేనేజర్ దీన్ని చదివి, సివియారిటీ ఒకటి కాదు కదా అనుకుని పేజీ తిప్పేస్తారు.

అసలు జరుగుతున్నది ఇదీ. ఒక రైతు పొద్దుటి పాలు సొంత ఊరి కేంద్రంలో, సాయంత్రం పాలు పక్క ఊరి కేంద్రంలో పోస్తాడు. పదిహేను రోజులకు మొదటి చోట 3,150 రూపాయలు, రెండో చోట 2,480 రూపాయలు అయ్యాయి. దాణా అప్పు కింద విడతకు 600 కోయాలి. కొత్త ప్రోగ్రాం బిల్లును కేంద్రాల వారీగా తయారు చేస్తుంది. కోత పడిందా లేదా అన్నది కూడా ఆ కేంద్రం లెక్కలోనే చూసుకుంటుంది. కాబట్టి మొదటి చోట 600 కోసి, రెండో చోట మళ్లీ 600 కోస్తుంది. అతనికి 5,030 రావాల్సింది 4,430 వస్తుంది. తెర మీద ఎర్ర గుర్తు ఏదీ రాదు. రెండు బిల్లులూ విడివిడిగా చూస్తే సరిగ్గానే ఉంటాయి. రైతు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే మోసం జరిగిందనిపిస్తుంది.

మేనేజరుకు రాయాల్సింది ఈ సంగతి. “రెండు కేంద్రాల్లో పాలు పోసే, దాణా అప్పున్న రైతుకు విడత రెండుసార్లు కోత పడుతోంది. గత బిల్లు ప్రకారం ఇలాంటి వాళ్లు 212 మంది. మనిషికి సగటున 600 అనుకుంటే ఒక్క బిల్లులో 1,27,200 రూపాయలు తక్కువగా వెళతాయి.” ఇందులో మాడ్యూల్ పేరు లేదు, సివియారిటీ అంకె లేదు. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నవి ఉన్నాయి. ఆ 212 అంకె టెస్టింగ్ వాళ్ల దగ్గర ఉండదు. అకౌంట్స్ విభాగాన్ని అడిగి పాత బిల్లుల్లోంచి తీయించాలి. అలా అడిగి తెచ్చుకునే ఓపిక లేని చోట రిపోర్టులో “కొందరు వినియోగదారులకు” అని పడుతుంది. కొందరంటే ఇద్దరో, రెండు వేల మందో తెలియకుండా మేనేజర్ ఏం తేల్చగలరు?

ఇక ఆ 12 నడపని టెస్టులు. ఫెయిలైన వాటికంటే ఇవే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. ఫెయిలైన టెస్టు మనకొక సంగతి చెప్పింది, నడపని టెస్టు ఏమీ చెప్పలేదు. ఆ పన్నెండూ అక్కడక్కడా మిగిలిపోయినవైతే పెద్దగా భయం లేదు. కానీ అన్నీ ఒకే చోటివి: 3,100 మంది రైతులకు ఖాతాలున్న ఒక బ్యాంకుకు పంపే చెల్లింపు ఫైలు. బ్యాంకు వాళ్లు పరీక్షకు ఖాతా ఇవ్వడం ఆలస్యం చేశారు, టెస్టులు ఆగిపోయాయి. పట్టికలో ఇది 400లో మూడు శాతం. చెల్లింపుల్లో చూస్తే ఒక బ్యాంకు మొత్తం. మేనేజర్ టెస్టింగ్ లీడ్‌ని పిలిపించి, “ఈ పన్నెండూ ఏంటమ్మా?” అని అడిగితే, “ఆ బ్యాంకు ఫైలు మేమసలు చూడలేదు సార్, వెళ్తుందో లేదో చెప్పలేను” అన్న జవాబు రావాలి. అదే మాట రిపోర్టు మొదటి పేరాలో ఉంటే పిలిపించే పనే ఉండదు.

టెస్ట్ సమ్మరీ రిపోర్టుకు రూపం ఇచ్చిన పాత ప్రమాణం ఐఈఈఈ 829 మొదట 1983లో వచ్చింది. అనుకున్న ప్రణాళికకూ నిజంగా జరిగినదానికీ ఉన్న తేడాలు చెప్పే భాగం అందులోనే ఉంది. తర్వాత వచ్చిన ఐఎస్ఓ 29119 వరసలో దీన్ని టెస్ట్ కంప్లీషన్ రిపోర్టు అంటున్నారు. పేరు మారినా ఆ భాగం పోలేదు. ఆఫీసుల్లో మాత్రం అది ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో తేలుతుంది.

ఆ తేడాకు ఎంత మూల్యం ఉంటుందో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు చూసింది. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఆ బ్యాంకు సుమారు 52 లక్షల మంది ఖాతాదారుల లెక్కలను పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మార్చింది. లెక్కలు భద్రంగానే చేరాయి. కానీ జనం ఒక్కసారిగా లాగిన్ అయ్యేసరికి కొత్త వ్యవస్థ తట్టుకోలేకపోయింది. 19 లక్షల మంది దాకా తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. వ్యవహారం పూర్తిగా సర్దుకునేసరికి డిసెంబరు వచ్చింది. స్లాటర్ అండ్ మే అనే న్యాయసంస్థ విచారించి 2019 నవంబరులో ఇచ్చిన నివేదికలో ఒక విషయం బయటపడింది. కొత్త వ్యవస్థ రెండు డేటా సెంటర్ల మీద ఒకేసారి నడిచేలా కట్టింది. భారం మోయగలదా అన్న పరీక్ష మాత్రం ఒక్క సెంటర్లోనే చేశారు. రెండోది అచ్చం మొదటిదానిలాగే ఉంటుందనుకున్నారు. రెండింటి అమరికలోనూ తేడాలున్నాయి. బోర్డు అడగాల్సిన ప్రశ్నలు అడగలేదని కూడా ఆ నివేదిక తప్పుపట్టింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైచిలుకు జరిమానా వేశాయి.

మన డెయిరీ రిపోర్టులోనూ ఇలాంటి ప్రశ్న ఒకటుంది. టెస్టింగ్ 200 మంది రైతుల లెక్కలతో జరిగింది. బిల్లు నిమిషంలో తయారైంది. నిజంగా నడిచే రోజున 18,000 మంది లెక్క, అదీ ఒకే రాత్రి. 200 మందికి సరిపోయింది కాబట్టి 18,000 మందికీ సరిపోతుందని ఎవరూ పరీక్షించి చెప్పలేదు. ఎంత డేటాతో, ఏ మెషీన్ మీద పరీక్షించాం, అసలు నడిచే చోటికీ దానికీ తేడా ఏమిటి అన్నది రెండు వాక్యాల్లో రిపోర్టులో ఉండి తీరాలి.

టీఎస్‌బీ ఉదంతంలో ఇంకో సంగతి కూడా ఉంది. సాంకేతిక పనులు చూసిన అనుబంధ సంస్థ తాము సిద్ధమంటూ లేఖ ఇచ్చింది. అందులోని మాటలు చాలావరకు జరగబోయేదాని మీద నమ్మకమే తప్ప, అప్పటికే జరిగిపోయిన పని కాదు. ఆ లేఖ మీద ఆధారపడి, తగినంత ఆరా తీయనందుకు బ్యాంకు మాజీ సాంకేతిక అధిపతికి 2023లో 81,620 పౌండ్ల జరిమానా పడింది. అందుకే రిపోర్టు చదివేటప్పుడు క్రియాపదాల మీద కన్నేయాలి. “పరీక్షించాం” వేరు, “పరీక్షించడం జరుగుతుంది” వేరు. “బ్యాంకు ఫైలుతో ఇబ్బంది ఉండదని భావిస్తున్నాం” అని ఉంటే, పరీక్షించలేదనే చదువుకోవాలి.

అంకెల్లో పనికొచ్చేది ఇంకొకటుంది, పాస్ శాతం కంటే అదే ఎక్కువ చెబుతుంది. మూడు వారాల్లో 50 బగ్‌లు దొరికాయి, 47 సరిచేశారు. ఆ యాభైలో 29 కోతల భాగంలోవే. ఆఖరి రెండు రోజుల్లో కూడా అక్కడే నాలుగు దొరికాయి. టెస్టింగ్ ముగిసేసరికి బగ్‌లు దొరకడం తగ్గిపోతే ఆ భాగం కుదురుకుందని అనుకోవచ్చు. చివరి రోజు దాకా దొరుకుతూనే ఉంటే గడువు ముగిసిందే తప్ప బగ్‌లు అయిపోలేదు.

ఇక సిఫారసు. విడుదల చేయాలా వద్దా అన్నది మేనేజర్ నిర్ణయం. టెస్టింగ్ లీడ్ పని దారులు చూపి, దేనికెంత ఖర్చో చెప్పడం. ఈ రిపోర్టుకు రాయదగిన సిఫారసు ఇలా ఉంటుంది: “ఒకటో తేదీన విడుదల చేయాలంటే మూడు పనులు జరగాలి. 212 మంది కోతలు ప్రోగ్రాం చేయకుండా ఆపి, అకౌంట్స్ వాళ్లు చేత్తో ఎక్కించాలి, ఇద్దరికి ఒక రోజు పని. ఇరవై ఏడో తేదీలోగా ఆ బ్యాంకులో పదిమంది సిబ్బంది ఖాతాలకు రూపాయి చొప్పున పంపి, చేరిందో లేదో చూడాలి. పాత నెల లెక్కలతో 18,000 మంది బిల్లు ఒక రాత్రి నడిపి చూడాలి. ఇవి కుదరకపోతే పదహారో తేదీ బిల్లు దాకా ఆగడం మంచిది. ఈలోగా కోత తప్పు సరిచేయడానికి నాలుగు రోజులు, మళ్లీ పరీక్షించడానికి రెండు రోజులు పడతాయి.” దీనికి పేజీలో మూడో వంతు చాలు. మిగతా పట్టికలన్నీ వెనక జతచేయొచ్చు.

ఇలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టే మేనేజర్లకు ఒక మాట. చెడ్డ వార్త రాసిన టెస్టింగ్ లీడ్‌ని అందరి ముందు కసిరితే వచ్చే రిలీజ్‌కు 98 శాతం అన్న రిపోర్టు వస్తుంది, నడపని టెస్టులు ఆఖరి పేజీకి వెళ్లిపోతాయి. సంతకం పెట్టే ముందు ఆమెను కూర్చోబెట్టి, మీరు చూడనిదేమిటని అడగండి. జవాబును రిపోర్టు మొదటి పేరాలో రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.