నాన్న పోయిన సహోద్యోగికి ఒక మెయిల్

కబురు తెలిసిన రోజే రాయండి. సబ్జెక్టులో ‘మీ నాన్నగారి గురించి’ అంటే చాలు. లోపల ఇలా:

“నాన్నగారు కాలం చేశారని ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉంది. పోయిన సంక్రాంతికి ఆయన పంపిన అరిసెలు మేమంతా పంచుకుని తిన్నాం. పెద్దకర్మ అయ్యేదాకా నెలాఖరు రిపోర్టు నేను చూసుకుంటాను. దీనికి జవాబు రాయనక్కర్లేదు.”

ఇందులో ప్రాణం అరిసెల వాక్యమే. అది ఇంకెవరికీ పంపలేని మాట. ఆయన్ను మీరెప్పుడూ చూడకపోతే, సహోద్యోగి ఆయన గురించి చెప్పిందేదైనా గుర్తు చేయండి. ‘ఏం కావాలన్నా అడగండి’ అంటే, అడిగే భారం దుఃఖంలో ఉన్న మనిషి మీదే పడుతుంది. అందుకే చేయబోయే పనేమిటో చెప్పాలి. జబ్బేమిటని ఆరా తీయొద్దు. ‘వయసైపోయిందిగా’ అన్న ఓదార్పు మరీ నొప్పిస్తుంది.