కోడ్ చివర మూడు ఖాళీలు

హైదరాబాద్ శివారులోని ఒక మందుల హోల్‌సేల్ గోదాములో పగలంతా ఆర్డర్లు వస్తాయి, సరుకు కదిలేది మాత్రం రాత్రి. పదకొండు దాటాక ఆ రోజు లెక్క మూసేసి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి స్టాక్ ఫైలు దింపుతారు. రాత్రి షిఫ్టు క్లర్కు ఆ ఫైలును ఆర్డర్ల షీటుతో కలిపి ఎక్సెల్‌లో పిక్ లిస్ట్ తయారుచేస్తాడు. ఏ మందు ఎన్ని స్ట్రిప్పులు తీయాలో ఆ లిస్ట్ చూసే ప్యాకింగ్ కుర్రాళ్లు ర్యాకుల మధ్య తిరుగుతారు. తెల్లవారుజామున ఐదింటికి వ్యాన్లు బయలుదేరాలి. ఈలోగా ఏదైనా తేడా వస్తే అడగడానికి ఆఫీసులో ఎవరూ ఉండరు. ఇక్కడ చెప్పబోయేది అలాంటి ఒక రాత్రి సంగతి. మనిషి పేరు, సంస్థ పేరు చెప్పడం లేదు. కోడ్‌లు, అంకెలు తేలిగ్గా అర్థమయ్యేలా మార్చాను.

పిక్ లిస్ట్‌లో పారాసిటమాల్ 500 మాత్రల ఎదురుగా స్టాక్ సున్నా అని వచ్చింది. జ్వరాల కాలం కాబట్టి నిజంగానే అయిపోయిందనుకోవచ్చు. కానీ ఆ పెట్టెలు సాయంత్రమే దిగాయి, దింపించింది కూడా ఆ క్లర్కే. లేచి ర్యాకు దగ్గరికి వెళ్లి చూశాడు. సీలు తీయని పెట్టెలు వరసగా ఉన్నాయి. తిరిగొచ్చి స్టాక్ ఫైలు తెరిస్తే అందులోనూ ఆ కోడ్ ఉంది, పక్కనే 480 స్ట్రిప్పులని ఉంది. ర్యాకులో సరుకుంది, ఫైలులో లెక్కుంది, పిక్ లిస్ట్‌లోనే సున్నా.

ఆ గడిలో ఉన్న ఫార్ములా ఇది:

```
=IFERROR(VLOOKUP(A2,Stock!$A$2:$D$3200,4,FALSE),0)
```

ఎక్సెల్ వాడేవాళ్లకు వీలుకప్ పరిచయమే. A2 గడిలోని కోడ్‌ను స్టాక్ షీటు మొదటి నిలువు వరసలో వెతికి, దొరికిన అడ్డు వరసలో నాలుగో గడిలోని సంఖ్యను తెచ్చి పెడుతుంది. చివర ఉన్న FALSE వల్ల అచ్చంగా అదే కోడ్ దొరికితేనే ఒప్పుకుంటుంది. ఆ మొత్తానికి చుట్టూ ఉన్న IFERROR ఎవరో పాత ఉద్యోగి పెట్టింది. కోడ్ దొరకనప్పుడు ఎక్సెల్ #N/A అని చూపిస్తుంది. షీటు చూడ్డానికి బాగుండాలని ఆయన ఆ చోట సున్నా వచ్చేలా చేశాడు. నా దృష్టిలో ఆ రాత్రి జరిగినదానిలో పెద్ద తప్పు ఇదే. ‘సరుకు లేదు’ అన్నది ఒక సమాచారం. ‘ఈ కోడ్ నాకు దొరకలేదు’ అన్నది పూర్తిగా వేరే సమాచారం. ఈ రెంటికీ ఒకే గుర్తు వాడితే చదివేవాడికి తేడా తెలిసే దారే ఉండదు. సున్నా చూసినవాడు మళ్లీ కొంటాడు, లేదా దుకాణానికి మందు లేదని చెబుతాడు.

క్లర్కు IFERROR తీసేశాడు. సున్నాల్లో చాలావరకు #N/A లుగా మారాయి. కొన్ని సున్నాలు సున్నాలుగానే ఉన్నాయి, అవి నిజంగా అయిపోయిన మందులు. అప్పుడు పాత షిఫ్టులో పనిచేసిన సీనియర్‌కి ఫోన్ చేశాడు.

‘‘అన్నా, కోడ్ రెండు షీట్లల్ల ఉన్నది, వీలుకప్‌కి మాత్రం దొరుకుతలేదు.’’

నిద్రలో ఉన్న ఆయన, ‘‘చివర FALSE తీసి TRUE పెట్టి చూడు తమ్ముడూ, వస్తది’’ అన్నాడు.

నిజంగానే వచ్చింది. పారాసిటమాల్ ఎదురుగా 36 అని పడింది. ఆ సంఖ్య ఎక్కడిదో తెలుసుకోవాలనిపించి వెతికితే, అది స్టాక్ షీటులో పై వరసలో ఉన్న పిల్లల సిరప్ సీసాల లెక్క. TRUE పెడితే వీలుకప్ దగ్గరి కోడ్‌తో సరిపెట్టుకుంటుంది. అడిగిన కోడ్ దొరక్కపోతే, అక్షర క్రమంలో దానికి ముందున్నదాన్ని పట్టుకుని దాని సంఖ్యను తెస్తుంది, అది వేరే మందుదని ఎక్కడా చెప్పదు. తప్పు సంఖ్య చూడ్డానికి మామూలు సంఖ్యలాగే ఉంటుంది కాబట్టి ఇది #N/A కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. అతను మళ్లీ FALSE పెట్టేశాడు.

తర్వాత చేసిన పని నాకు బాగా నచ్చింది. ఫార్ములా వదిలేసి, దొరికిన కోడ్‌లు ఏవి, దొరకనివి ఏవి అని పక్కపక్కన పెట్టుకుని చూశాడు. AMXCLV625T10 లాంటి కోడ్‌లన్నీ దొరికాయి. PCM500T10 లాంటివి ఒక్కటీ దొరకలేదు. అక్షరాలు లెక్కపెడితే మొదటిదానిలో 12, రెండోదానిలో 9. 12 అక్షరాల కోడ్‌లు అన్నీ కలిశాయి, అంతకన్నా పొట్టివి ఏవీ కలవలేదు. ఇక అనుమానం ఫార్ములా మీద నుంచి కోడ్ పొడవు మీదికి మళ్లింది. స్టాక్ షీటులో PCM500T10 ఉన్న గడి మీద ఆగి F2 నొక్కాడు. కర్సర్ చివరి సున్నాను ఆనుకుని నిలబడాలి, కానీ కాస్త దూరంగా నిలబడింది. పక్క గడిలో పొడవు కొలిచాడు:

```
=LEN(A2)
```

ఆర్డర్ల షీటులో 9 వచ్చింది. స్టాక్ షీటులో అదే కోడ్‌కు 12 వచ్చింది. సున్నా తర్వాత మూడు ఖాళీలు ఉన్నాయి.

స్పేస్ బార్ నొక్కితే వచ్చే ఖాళీ మన కంటికి ఏమీ కాదు, కంప్యూటర్‌కు మాత్రం అది కూడా ఒక అక్షరమే, దాని సంఖ్య 32. అందుకే ‘PCM500T10’కూ, చివర మూడు ఖాళీలున్న ‘PCM500T10   ’కూ పోలిక లేదంటుంది ఎక్సెల్. ఖాళీ ముందుంటే మాట లోపలికి జరిగి కనిపించేది. ఎక్సెల్ అక్షరాలను ఎడమ అంచుకు ఆనించి చూపిస్తుంది కాబట్టి చివరి ఖాళీలు గడిలోని తెల్లదనంలో కలిసిపోతాయి. నిలువు వరసను కుడి అంచుకు సర్దితే అవి బయటపడతాయి, ఖాళీలున్న కోడ్‌లు అంచును తాకకుండా ఆగుతాయి. అనుమానం వచ్చినప్పుడు ఫార్ములా ఏదీ రాయకుండా చూసుకునే తేలిక దారి ఇది.

ఇంతకీ ఆ మూడూ ఎవరు టైపు చేశారు? ఎవరూ కాదు. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌కు 12 అక్షరాల స్థలం కేటాయించారు. స్థలం పొడవు మారదు, కోడ్ పొట్టిదైతే మిగిలిన చోటును యంత్రమే ఖాళీలతో నింపుతుంది. ఇది చాలా పాత అలవాటు. 1928లో ఐబీఎం తెచ్చిన 80 నిలువు వరసల పంచ్ కార్డులో ప్రతి వివరానికీ ఇన్ని వరసలని ముందే గీసి ఉంచేవారు, నిండనివి రంధ్రం లేకుండా ఉండిపోయేవి. తర్వాత వచ్చిన కోబాల్ భాషలోనూ పేరుకు ఇన్ని అక్షరాలు, కోడ్‌కు ఇన్ని అక్షరాలు అని ముందే చెప్పాలి. నేటి డేటాబేస్‌ల్లో CHAR అనే రకం గడి ఇప్పటికీ ఇలాగే ఉంటుంది. ఫైలు దింపినప్పుడు ఆ నింపుడు ఖాళీలు కూడా కోడ్‌తోపాటు ఎక్సెల్‌లోకి వచ్చేశాయి.

మరి పగటివాళ్లకు ఈ బాధ ఎందుకు తెలియలేదు? వాళ్లు ఎక్సెల్‌లో వెతకరు, సాఫ్ట్‌వేర్‌లోనే వెతుకుతారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్‌లు రెండు మాటలను పోల్చేటప్పుడు పొట్టిదాని చివర ఖాళీలు చేర్చి, పొడవులు సమానం చేసి మరీ పోలుస్తాయి. కాబట్టి PCM500T10 అని కొడితే అక్కడ వెంటనే దొరుకుతుంది. ఒకే కోడ్ పగలు దొరికి రాత్రి దొరక్కపోవడానికి కారణం మనిషి కాదు, రెండు యంత్రాల పోలిక పద్ధతులు వేరు కావడం. ఈ ముక్క తెలియకే అంతకుముందు రాత్రిషిఫ్టు వాళ్లు ‘మీకు వెతకడం రాదు’ అనే మాట పడ్డారు.

సరిదిద్దేటప్పుడు అతనికి మొదట తట్టింది కంట్రోల్ హెచ్. ఖాళీని వెతికి, ఏమీ లేకుండా మార్చెయ్యడం. ఫైలు నకలు మీద చేసి చూడటం మంచిదైంది. కొన్ని మందుల కోడ్‌లు 00451 లాగా అంకెలతోనే ఉన్నాయి. ఖాళీ పోగానే ఎక్సెల్ వాటిని సంఖ్యలుగా భావించి 451 చేసేసింది, ముందు సున్నాలు పోయాయి. అలా పోయినవి మళ్లీ వీలుకప్‌కు దొరకవు. అందుకని పక్క నిలువు వరసలో TRIM వాడాడు. అది మాట ముందూ వెనకా ఉన్న ఖాళీలను తీసేస్తుంది, ఫలితం అక్షరాల రూపంలోనే ఉంటుంది కాబట్టి 00451 చెక్కుచెదరదు. ఒకటి గమనించాలి, కోడ్ మధ్యలో వరసగా రెండు ఖాళీలుంటే వాటిని ఒకటి చేస్తుంది. అలాంటి కోడ్‌లున్న చోట ఆర్డర్ల షీటుకూ స్టాక్ షీటుకూ రెంటికీ TRIM వేయాలి, ఒకవైపే వేస్తే కొత్త తేడా పుడుతుంది.

TRIM తర్వాత దాదాపు అన్నీ కలిశాయి. ఒక కొత్త కంపెనీ మందులు మాత్రం మొండికేశాయి. ఈసారి తేడా ఆర్డర్ల షీటు వైపు ఉంది. 9 అక్షరాల కోడ్‌కు TRIM చేశాక కూడా పొడవు 10 అనే వస్తోంది. చివరి అక్షరం సంఖ్య ఏమిటని అడిగాడు:

```
=UNICODE(RIGHT(A2,1))
```

32 రావాల్సిన చోట 160 వచ్చింది. ఆ కంపెనీ కోడ్‌లను ఎవరో వెబ్ పేజీలోని ధరల పట్టిక నుంచి కాపీ చేసి అతికించారు. వెబ్ పేజీల్లో వరస విరగకుండా రెండు మాటలను కలిపి ఉంచడానికి వాడే మరో రకం ఖాళీ ఉంది, దాని సంఖ్య 160. TRIM 32ను మాత్రమే ఖాళీగా గుర్తిస్తుంది, దీన్ని ముట్టుకోదు. ముందు 160ను 32గా మార్చి, ఆ తర్వాత కత్తిరించాలి:

```
=TRIM(SUBSTITUTE(A2,UNICHAR(160)," "))
```

దీంతో ఆ కోడ్‌లూ కలిశాయి. ఇంకా కలవని రెండింటిని చూస్తే, వాటిలో ఖాళీల సంగతే లేదు, సున్నా బదులు ఓ అక్షరం కొట్టారు. దానికి ఏ ఫార్ములా పనికిరాదు, కన్నే పెట్టాలి. వ్యాన్లు కాస్త ఆలస్యంగానే అయినా పారాసిటమాల్‌తోనే బయలుదేరాయి.

పొద్దున సూపర్‌వైజర్ వచ్చి సాఫ్ట్‌వేర్‌లో కోడ్ కొట్టి, ‘‘ఇదిగో, దొరుకుతోంది కదయ్యా’’ అన్నాడు. క్లర్కు వాదించలేదు. ‘‘సార్, ఒకసారి ఇది చూడండి’’ అని 9, 12 పక్కపక్కన చూపించాడు. ఆ రోజే సాఫ్ట్‌వేర్ వాళ్లకు కబురు వెళ్లింది. వాళ్లు చేయాల్సింది చిన్న పనే, ఫైలు దింపే ఆజ్ఞలో కోడ్‌కు RTRIM చేర్చడం. అది కుడివైపు ఖాళీలను అక్కడే కత్తిరిస్తుంది. కొనుగోళ్ల విభాగంలో మాత్రం అప్పటికే ఆ తప్పుడు సున్నాలను నమ్మి పంపిన ఆర్డర్లు కొన్ని బయటపడ్డాయి, పంపిణీదారులకు ఫోన్ చేసి వాటిని ఆపించారు.

పిక్ లిస్ట్ ఫార్ములాలో IFERROR మళ్లీ చేరింది. ప్యాకింగ్ కుర్రాళ్లకు #N/A అర్థం కాదు కాబట్టి దాని అవసరం ఉంది. సున్నా ఉన్న చోట ఇప్పుడు ‘కోడ్ కలవలేదు’ అని వస్తుంది. అది కనిపిస్తే వాళ్లు ర్యాకు దగ్గరికి వెళ్లి చూసి, పెట్టె మీది కోడ్‌తో క్లర్కు దగ్గరికి వస్తున్నారు.